ఐఎస్‌టీ అని రాసి చేతులు దులుపుకోకండి: షెడ్యూలింగ్ సాఫ్ట్‌వేర్ సంస్థలకు బహిరంగ లేఖ

ఇంటర్వ్యూలు, అపాయింట్‌మెంట్లు, మీటింగులు కుదిర్చే సాఫ్ట్‌వేర్‌ను మన దేశంలో తయారుచేసి దేశదేశాలకు అమ్ముతున్న సంస్థల ప్రొడక్ట్ అధిపతులకు, ఇంజనీరింగ్ అధిపతులకు,



"మెయిల్‌లో సమయం ఐఎస్‌టీ అని స్పష్టంగానే ఉంది. సిస్టమ్ అనుకున్నట్టే పనిచేస్తోంది. ఫిర్యాదును ముగిస్తున్నాం." మీలో ఒక సంస్థ నుంచి మా బంధువుల అమ్మాయికి వచ్చిన జవాబు ఇది. ఆ సంస్థ పేరు రాయను. ఈ జవాబు ఏ ఒక్కరి సొంతం కాదు. చాలా ఏళ్లుగా డేటాబేసుల పని చేస్తున్నవాడిగా, ఇదే మాట వేర్వేరు నోళ్ల నుంచి వింటూనే ఉన్నాను. ఐఎస్‌టీ అంటే భారత ప్రామాణిక సమయమే కదా, ఇందులో అర్థం కానిదేముంది అన్న ధీమా ఆ మాట వెనక ఉంటుంది. ఆ ధీమాను నేను ఒప్పుకోలేను. ఎందుకు ఒప్పుకోలేనో మీకే నేరుగా చెప్పాలని ఈ లేఖ రాస్తున్నాను.

ముందు ఆ అమ్మాయికి జరిగింది చెబుతాను. వరంగల్‌లో ఇంజనీరింగ్ పూర్తిచేసి, డబ్లిన్‌లోని ఒక కళాశాలలో పీజీకి దరఖాస్తు పెట్టుకుంది. ఇంటర్వ్యూ పిలుపు వచ్చింది. ఆ కళాశాల వాడేది మన దేశంలో తయారైన షెడ్యూలింగ్ సాఫ్ట్‌వేరే. అది పంపిన మెయిల్‌లో తేదీ 2025 జూలై 16, బుధవారం. సమయం `10:00 IST`. అంతకుమించి ఒక్క ముక్క లేదు.

వరంగల్‌లో ఇంట్లో కూర్చుని చదివే అమ్మాయికి ఆ అక్షరాలు ఏమని చెబుతాయి? ఉదయం పది గంటలకు లాగిన్ అయింది. అవతల ఎవరూ లేరు. అరగంట చూసి కళాశాలకు మెయిల్ పెట్టింది. అప్పటికి డబ్లిన్‌లో తెల్లవారి ఆరు గంటలు. జవాబిచ్చే మనిషి ఎక్కడుంటారు? మధ్యాహ్నం పన్నెండున్నరకు మీ సాఫ్ట్‌వేర్ నుంచే ఒక రిమైండర్ వచ్చింది, ఇంకో గంటలో ఇంటర్వ్యూ మొదలవుతుందని. ఒంటిగంటన్నరకు మళ్లీ కూర్చుంది. మళ్లీ ఎవరూ రాలేదు. రెండు దాటాక, వాళ్లే రద్దు చేసుకున్నారనుకుని లేచిపోయింది. రెండున్నరకు, అంటే డబ్లిన్‌లో ఉదయం సరిగ్గా పదింటికి, ఇంటర్వ్యూ చేసేవాళ్లు వచ్చి కూర్చున్నారు. పావుగంట చూసి 'గైర్హాజరు' అని రాసి వెళ్లిపోయారు.

ఒకే పిలుపు. పది, ఒంటిగంటన్నర, రెండున్నర అని మన గడియారం ప్రకారం మూడు వేర్వేరు క్షణాలు. ఇందులో అమ్మాయి తప్పు ఎక్కడుంది? కళాశాల సిబ్బంది తప్పు ఎక్కడుంది? వాళ్లు తమ గోడ మీది గడియారం చూసి, తమ దేశంలో అందరూ రాసే మూడక్షరాలే రాశారు.

జూలైలో డబ్లిన్‌లో ఉండేది కూడా ఐఎస్‌టీయే. ఇది ఐరిష్ ప్రామాణిక సమయం. ఎవరో అలవాటుగా పెట్టుకున్న ముద్దుపేరు కాదు. ఐర్లండ్ 1968లో చేసిన చట్టం గ్రీన్‌విచ్ కంటే ఒక గంట ముందుండే సమయాన్నే దేశ ప్రామాణిక సమయంగా నిర్ణయించింది. 1971లో చేసిన సవరణతో చలికాలంలో మాత్రం గడియారాన్ని గంట వెనక్కి, గ్రీన్‌విచ్ సమయానికి తెస్తారు. మార్చి చివరి ఆదివారం నుంచి అక్టోబరు చివరి ఆదివారం దాకా ఆ దేశమంతా ఐఎస్‌టీలోనే బతుకుతుంది. ఆ ఏడు నెలలూ వాళ్ల ఐఎస్‌టీకి, మన ఐఎస్‌టీకి నాలుగున్నర గంటల తేడా.

మూడో ఐఎస్‌టీ ఇజ్రాయెల్‌ది. చలికాలంలో అక్కడి సమయం యూటీసీ కంటే రెండు గంటలు ముందు. దాని పొట్టి పేరు కూడా ఇవే మూడక్షరాలు. వేసవిలో వాళ్లు ఇంకో గంట ముందుకు జరిగి దాన్ని ఐడీటీ అంటారు. మన సమయంతో వాళ్ల చలికాలపు తేడా మూడున్నర గంటలు.

"అది వాళ్ల దేశంలో మాట, నూట నలభై కోట్ల మంది వాడేది మనదే" అని మీలో కొందరు అనడం విన్నాను. మనం 1906 జనవరి 1 నుంచి ఈ సమయాన్ని వాడుతున్న మాట నిజమే. కానీ పొట్టి పేరుకు ఎవరూ పట్టా ఇవ్వరు. ఏ అక్షరాలు ఏ దేశానివని తేల్చే అంతర్జాతీయ సంస్థ ఏదీ లేదు. చదివేవాడు ఎక్కడున్నాడో అక్కడి అర్థమే వాడికి తోస్తుంది. మీ కస్టమర్లలో డబ్లిన్ కార్యాలయాలు, టెల్ అవీవ్ కార్యాలయాలు ఉన్నంతకాలం జనాభా లెక్క చెప్పి తప్పించుకోగలరా? హైదరాబాద్, డబ్లిన్, హైఫా మూడు చోట్లా కార్యాలయాలున్న బహుళజాతి సంస్థలు ఎన్నో ఉన్నాయి. వాటి మీటింగులు కుదిర్చేది మీ సాఫ్ట్‌వేరే కదా?

ఇంకో సంగతి గమనించండి. చట్టబద్ధంగా చూస్తే ఏడాదిలో ఎక్కువ కాలం ఈ మూడింటిలో రెండే చెల్లుబాటులో ఉంటాయి. వేసవిలో మనది, ఐర్లండ్‌ది. చలికాలంలో మనది, ఇజ్రాయెల్‌ది. మార్చి చివరలో ఇజ్రాయెల్ శుక్రవారం మారితే, ఐర్లండ్ ఆ ఆదివారం మారుతుంది. ఆ రెండు రోజులు మాత్రం మనది ఒక్కటే మిగులుతుంది. అక్టోబరు చివరి ఆదివారం ఇద్దరూ ఒకే తేదీన వెనక్కి జరుగుతారు గానీ, ఒకే క్షణంలో కాదు. ఇజ్రాయెల్ రెండు గంటలు ముందుగా మారుతుంది. 2026లో అది అక్టోబరు 25. ఆ రోజు మన గడియారం ప్రకారం తెల్లవారుజాము నాలుగున్నర నుంచి ఆరున్నర దాకా మూడు దేశాలూ ఐఎస్‌టీలోనే ఉంటాయి. గ్రీన్‌విచ్‌కు ఒక గంట ముందు, రెండు గంటలు ముందు, ఐదున్నర గంటలు ముందు అని ఆ మూడక్షరాలకు ఒకే క్షణంలో మూడు అర్థాలు. మీ సర్వర్లు ఆ రెండు గంటల్లో కూడా పనిచేస్తూనే ఉంటాయి.

సరే, మనుషులు తికమక పడ్డారు. మరి ఒంటిగంటన్నర సంగతేమిటి? అది మన పదీ కాదు, డబ్లిన్ పదీ కాదు. ఆ రిమైండర్‌ను ఏ మనిషీ పంపలేదు. సాఫ్ట్‌వేరే పంపింది. మీ సంస్థ లోపలి ప్రోగ్రాములు నాకు ఎవరూ చూపించలేదు. కానీ మన పదింటికి, ఆ ఒంటిగంటన్నరకు తేడా సరిగ్గా మూడున్నర గంటలు. ఈ తేడా కనిపించగానే డేటాబేసులతో పనిచేసే మాబోటివాళ్లకు వెంటనే ఒక అనుమానం వస్తుంది. మా ఇంట్లోని కంప్యూటర్‌లో పోస్ట్‌గ్రెస్ తెరిచి ఈ రెండు వాక్యాలు నడిపాను. మీరూ నడిపి చూడండి.

```
SET TIME ZONE 'UTC';
SELECT '2025-07-16 10:00 IST'::timestamptz
       AT TIME ZONE 'UTC';
-- 2025-07-16 08:00:00
```

పది గంటల ఐఎస్‌టీని పోస్ట్‌గ్రెస్ యూటీసీలో ఎనిమిది గంటలుగా చదివింది. అంటే తేడా రెండు గంటలని లెక్కగట్టింది. అది ఇజ్రాయెల్ సమయం. ఆ డేటాబేస్‌తో పాటు వచ్చే పొట్టి పేర్ల పట్టికలో, మనం ఏదీ మార్చకపోతే, ఐఎస్‌టీకి ఎదురుగా ఉండేది ఇజ్రాయెల్ లెక్కే. జూలైలో ఇజ్రాయెల్ అసలు ఆ సమయంలో ఉండదన్న సంగతి కూడా ఆ పట్టికకు పట్టదు. ఏ నెలైనా రెండు గంటలే. యూటీసీలో ఎనిమిది అంటే మనకు ఒంటిగంటన్నర. రిమైండర్ దానికి గంట ముందు, పన్నెండున్నరకు వచ్చింది. లెక్క అచ్చంగా సరిపోయింది.

ఇప్పుడు అదే మూడక్షరాలను జావాకు ఇచ్చి చూడండి.

```
TimeZone.getTimeZone("IST").getRawOffset()
// 19800000
```

ఆ సంఖ్య మిల్లీసెకన్లలో ఐదున్నర గంటలు. జావాకు ఐఎస్‌టీ అంటే భారతదేశం. మీ అప్లికేషన్ జావాలో, డేటాబేస్ పోస్ట్‌గ్రెస్‌లో ఉండి, రెండూ సమయాన్ని అక్షరాలుగానే ఇచ్చిపుచ్చుకుంటుంటే, ఒకే ఇంటి కప్పు కింద రెండు దేశాల గడియారాలు తిరుగుతుంటాయి. స్క్రీన్ మీద ఒక సమయం, రిమైండర్‌లో ఇంకో సమయం. దేనికదే తన లెక్క ప్రకారం సరైనదే. అందుకే ఏ ప్రోగ్రామూ ఎర్రర్ ఇవ్వదు. మీ సహాయ విభాగం 'సిస్టమ్ అనుకున్నట్టే పనిచేస్తోంది' అని రాయగలిగింది కూడా ఇందుకే. ఎవరు అనుకున్నట్టు? ఆ ప్రశ్న మీలో ఎవరైనా వేసుకున్నారా?

పోస్ట్‌గ్రెస్‌లో భారతదేశం కోసం విడిగా ఒక పట్టిక ఉందని, దాన్ని ఎంచుకుంటే సరిపోతుందని మీ ఇంజనీర్లు చెప్పవచ్చు. ఉన్న మాటే. `timezone_abbreviations` అనే సెట్టింగ్‌ను `India` అని మారిస్తే ఐఎస్‌టీ ఐదున్నర గంటలవుతుంది. అప్పుడు ఈ అమ్మాయికి రిమైండర్ ఉదయం తొమ్మిదింటికి వచ్చేది. డబ్లిన్‌లో ఇంటర్వ్యూ చేసేవాళ్లు మాత్రం మన మధ్యాహ్నం రెండున్నరకే వచ్చేవాళ్లు. తప్పు ఒక చోటి నుంచి ఇంకో చోటికి జరిగిందే గానీ పోలేదు. 18వ వెర్షన్ నుంచి పోస్ట్‌గ్రెస్ తీరు మారింది. సెషన్‌కు ఏ టైమ్‌జోన్ పెట్టారో ముందు అందులో ఆ పొట్టి పేరు ఉందేమో చూసి, లేకపోతేనే పట్టికకు వెళుతుంది. మంచి ఉద్దేశంతో చేసిన మార్పే. కానీ దీంతో ఒకే వాక్యం హైదరాబాద్ సెషన్‌లో ఒక జవాబు, డబ్లిన్ సెషన్‌లో ఇంకో జవాబు ఇస్తుంది. చాలామంది పెట్టుకున్నట్టు సర్వర్‌ను యూటీసీలో ఉంచితే పాత ఇజ్రాయెల్ జవాబే వస్తుంది. ఐఎస్‌టీ అన్న అక్షరాలను లోపలికి రానిచ్చినంతకాలం ఏ సెట్టింగూ దీన్ని నయం చేయలేదు. ఆ అక్షరాల్లో ఊరి ఆనవాలు లేదు. లేని సమాచారాన్ని ఏ ప్రోగ్రామ్ పుట్టిస్తుంది?

రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ రామాపురాలు ఎన్నో ఉన్నాయి. ఉత్తరం మీద పిన్‌కోడ్ వేయకుండా 'రామాపురం' అని మాత్రమే రాసి, అందలేదని పోస్ట్‌మ్యాన్‌ను ఎవరూ తప్పుపట్టరు. సమయానికి ఆ పిన్‌కోడ్ లాంటిది ఎప్పటి నుంచో ఉంది. మీ ప్రతి సర్వర్‌లో, ప్రతి ఫోన్‌లో, ప్రతి బ్రౌజర్‌లో ఉంది. ఆర్థర్ డేవిడ్ ఓల్సన్ 1980లలో మొదలుపెట్టిన టైమ్‌జోన్ డేటాబేస్ అది. 2011 నుంచి ఇంటర్నెట్ పేర్లు, సంఖ్యల పట్టికలను చూసే ఐయానా దాన్ని అందిస్తోంది. పాల్ ఎగర్ట్ నిర్వహణలో స్వచ్ఛంద సేవకులు ఎప్పటికప్పుడు సరిచేస్తుంటారు. అందులో ప్రతి జోన్‌కూ ప్రాంతం, ఊరు కలిపిన ఒక ఐడీ ఉంటుంది. మన మూడు ఐఎస్‌టీలు అందులో ఎలా ఉన్నాయో చూడండి.

```
Asia/Kolkata
Europe/Dublin
Asia/Jerusalem
```

ఇక్కడ తికమకకు చోటెక్కడుంది? పోస్ట్‌గ్రెస్‌కు `'2025-07-16 10:00 Europe/Dublin'` అని ఇస్తే యూటీసీలో తొమ్మిది అంటుంది. ఊరి పేరు `Asia/Kolkata` అని మారిస్తే నాలుగున్నర అంటుంది. ఏ సెట్టింగ్‌తో, ఏ సెషన్‌తో నడిపినా ఇదే జవాబు.

ఆ ఐడీ వెనక ఉన్నది ఒక్క తేడా అంకె మాత్రమే కాదు. ఆ ఊరి గడియారం ఎప్పుడెప్పుడు ఎలా మారింది, ఇకపై ఎప్పుడు మారుతుందన్న నియమాలన్నీ అందులో ఉంటాయి. `Asia/Kolkata`లో 1906 మార్పు ఉంది. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో మన గడియారాలను గంట ముందుకు జరిపిన సంగతీ ఉంది. `Europe/Dublin`లో రాబోయే అక్టోబరు మార్పు ఉంది.

'ఐడీ ఎందుకు, `+01:00` అని తేడా రాస్తే చాలదా?' అని అడుగుతారు. జరిగిపోయిన క్షణాన్ని నమోదు చేయడానికి చాలు. జరగబోయే వాటికి చాలదు. హైదరాబాద్, డబ్లిన్ జట్లు ప్రతి బుధవారం డబ్లిన్ సమయం మధ్యాహ్నం రెండింటికి కలుస్తాయనుకోండి. వేసవిలో అది మనకు సాయంత్రం ఆరున్నర. మీరు దాన్ని `+01:00` అని భద్రపరిచారు. అక్టోబరు చివరి ఆదివారం దాటాక డబ్లిన్ గడియారం గంట వెనక్కి వెళ్లింది. మనవాళ్లు ఏడున్నరకు కూర్చోవాలి. మీ క్యాలెండర్ మాత్రం ఇంకా ఆరున్నరకే పిలుస్తుంది. అవతల డబ్లిన్‌వాళ్లకు కూడా అది మధ్యాహ్నం ఒంటిగంటే చూపిస్తుంది. ఏటా నవంబరు మొదటి వారంలో మీకు వచ్చే ఫిర్యాదులను ఒకసారి వెనక్కి తిరిగి చూడండి. సరిగ్గా గంట తేడాతో వచ్చినవి ఎక్కువగా ఈ బాపతువే. `Europe/Dublin` అని ఉంచి ఉంటే ఆ లెక్క దానంతటదే సరిపోయేది.

మనకు గడియారం మార్చే అలవాటు లేదు. ఏడాది పొడవునా ఐదున్నర గంటలే. ఈ తలనొప్పి మన ఇంజనీర్ల అనుభవంలోకి రాకపోవడానికి కారణం ఇదే అనుకుంటాను. కానీ మీరు అమ్ముతున్నది మన ఊళ్లో వాడుకోవడానికి మాత్రమే కాదు కదా?

ఐడీ ఒక్కటే అన్నిటికీ మందు అని నేను చెప్పడం లేదు. 2026 అక్టోబరు 25న డబ్లిన్‌లో రాత్రి ఒంటిగంట నుంచి రెండు దాకా ఉండే గంట రెండుసార్లు వస్తుంది. ఆ రోజు ఒంటిగంటన్నర అంటే మొదటిసారి వచ్చినదా, రెండోసారి వచ్చినదా అని ఐడీ ఒక్కటే చెప్పలేదు. అందుకే తేడా, ఐడీ రెండూ కలిపి రాసే పద్ధతి 2024లో ఇంటర్నెట్ ప్రమాణంగా వచ్చింది. దాని సంఖ్య ఆర్‌ఎఫ్‌సీ 9557. ఆ అమ్మాయి ఇంటర్వ్యూ సమయాన్ని అందులో రాస్తే ఇలా ఉంటుంది.

```
2025-07-16T10:00:00+01:00[Europe/Dublin]
```

ఈ ఒక్క వరుస ఆ మెయిల్‌లో, మీ డేటాబేస్‌లో, మీ రిమైండర్ ప్రోగ్రామ్‌లో ఒకేలా ఉండి ఉంటే మూడు సమయాలు పుట్టేవే కావు.

మన ఊళ్ల సంగతిలో ఇంకో రెండు జాగ్రత్తలున్నాయి. ఒకటి, `Asia/Hyderabad` అనే ఐడీ లేదు. దేశమంతటికీ ఒకే సమయం కాబట్టి దేశానికి ఒకే ఐడీ. అది కోల్‌కతా పేరు మీద ఉంది. వాడేవాళ్లను చేత్తో టైప్ చేయమంటే హైదరాబాద్ అనో, విజయవాడ అనో రాస్తారు. జావాలోని పాత `TimeZone.getTimeZone` తనకు తెలియని పేరు వస్తే కిమ్మనకుండా గ్రీన్‌విచ్ సమయాన్ని ఇస్తుంది. అదే భాషలోని కొత్త `ZoneId.of` అయితే ఎర్రర్ ఇచ్చి ఆగిపోతుంది. ఆగిపోయేదాన్నే వాడండి. వాడేవాళ్లకు హైదరాబాద్, విజయవాడ, విశాఖ అని ఊళ్ల జాబితా చూపించి, లోపల `Asia/Kolkata` భద్రపరచండి.

రెండోది, కలకత్తా పేరు మారిన కొన్నేళ్లకు, 2008లో, ఈ ఐడీ కూడా `Asia/Calcutta` నుంచి `Asia/Kolkata` అయింది. పాతది ఇంకా చెల్లుతుంది, రెండింటి అర్థం ఒకటే. కొన్ని బ్రౌజర్లు పాతదాన్నే ఇస్తూ వచ్చాయి. అక్షరాలు పోల్చి చూసే ప్రోగ్రామ్ అయితే రెండూ వేరు వేరు జోన్లనుకుని, హైదరాబాద్‌లోనే పక్కపక్కన కూర్చున్న ఇద్దరికి 'మీ టైమ్‌జోన్లు వేరు' అని హెచ్చరిక చూపిస్తుంది. పోల్చే ముందు రెండింటినీ ఒకే పేరుకు తేవాలి.

ఈ టైమ్‌జోన్ డేటాబేస్‌ను తాజాగా ఉంచడం కూడా మీ పనే. దేశాలు తమ నియమాలు మారుస్తుంటాయి. ఇజ్రాయెల్ ఇప్పటి తేదీల పద్ధతికి వచ్చింది 2013లో. సర్వర్‌లో ఏళ్ల నాటి ప్రతి పెట్టుకుని సరైన ఐడీ రాసినా జవాబు తప్పే వస్తుంది.

ఇక మనుషులకు చూపించే సంగతి. వరంగల్ అమ్మాయికి `Europe/Dublin` అని చూపించమని నేను అడగడం లేదు. ఆమెకు కావలసింది ఈ రెండు వరుసలు: 'మీకు: బుధవారం మధ్యాహ్నం 2:30, హైదరాబాద్ సమయం. కళాశాలకు: బుధవారం ఉదయం 10:00, డబ్లిన్ సమయం.' దీన్ని లెక్కగట్టడానికి కావలసినవన్నీ మీ దగ్గర ఉన్నాయి. ఆమె దరఖాస్తులో ఊరు ఉంది. కళాశాల ఖాతాలో ఊరు ఉంది. మెయిల్‌లో ఒక వరుస పెరుగుతుందని, డిజైన్ పాడవుతుందని వెనకాడతారా? మూడక్షరాలతో మెయిల్ చూడ్డానికి పొందికగా ఉండవచ్చు. ఆ పొందిక ఖరీదు ఎవరు కట్టారో పైన చెప్పాను.

ఆమె ఒక్కతే కాదు. ఐర్లండ్‌లో చదువుకుంటున్న, పనిచేస్తున్న తెలుగువాళ్లు ఉన్నారు. వాళ్లతో మాట్లాడాల్సిన తల్లిదండ్రులు, బ్యాంకులు, కన్సల్టెన్సీలు ఇక్కడ ఉన్నాయి. ఇజ్రాయెల్‌లో వృద్ధుల సంరక్షణ పనుల్లో ఉన్న మన జిల్లాలవాళ్లున్నారు. వాళ్లు ఇంటి దగ్గరి పెద్దవాళ్లకు ఆన్‌లైన్‌లో డాక్టర్ అపాయింట్‌మెంట్ తీసుకుంటే, అది కుదిర్చేది మీలాంటివాళ్ల సాఫ్ట్‌వేరే. జనవరిలో అక్కడివాళ్లు ఐఎస్‌టీ అని చదివితే తమ సమయం అనుకునే హక్కు వాళ్లకుంది. మందు మార్చాల్సిన డాక్టర్ మూడున్నర గంటల ముందే చూసి వెళ్లిపోతే, అప్పుడూ 'సమయం స్పష్టంగానే ఉంది' అని రాస్తారా?

కాబట్టి మీ నుంచి నేను కోరుతున్నది ఇది. మీ ఫారాల్లో, దిగుమతి చేసుకునే ఫైళ్లలో ఐఎస్‌టీ అని వస్తే మౌనంగా ఏదో ఒక అర్థం తీసుకోకండి. 'ఏ ఊరి సమయం?' అని అడగండి. అడిగే వీలులేని చోట ఆ రికార్డును ఆపి పక్కన పెట్టండి. భద్రపరిచే ప్రతి సమయం పక్కన ఐడీ ఉంచండి. మీ మెయిళ్లలో, మెసేజీల్లో ఊరి పేరుతో సమయం రాయండి. ఒక ప్రోగ్రామ్ నుంచి ఇంకో ప్రోగ్రామ్‌కు వెళ్లే సమయాల్లో పొట్టి పేరు ఎక్కడైనా మిగిలిందేమో మీ కోడ్ మొత్తం వెతికించండి. అందుకు పెద్ద ప్రాజెక్టు అక్కర్లేదు. కొటేషన్ గుర్తుల మధ్య `IST` ఎక్కడుందో వెతకడంతో మొదలుపెట్టవచ్చు.

పాత రికార్డుల విషయంలో మాత్రం తొందరపడవద్దు. అన్నిటినీ గంపగుత్తగా `Asia/Kolkata` అని మార్చేస్తే, తప్పులు సరైనవాటిలో కలిసిపోయి ఇక ఎప్పటికీ విడదీయలేరు. ఆ సమయాన్ని ఏ ఖాతా నుంచి, ఏ ఊళ్లోని కార్యాలయం నుంచి నమోదు చేశారో చూసి ఒక్కో మూలానికి విడిగా నిర్ణయించండి. హాజరు వివరాలుంటే అవి సాక్ష్యమిస్తాయి. అనుకున్న సమయానికి, మనుషులు నిజంగా లాగిన్ అయిన సమయానికి తేడా మళ్లీ మళ్లీ నాలుగున్నర గంటలుంటే అవతల ఐర్లండ్ ఉంది. సరిగ్గా మూడున్నర గంటలుంటే, చలికాలంలో అయితే ఇజ్రాయెల్ కార్యాలయం కావచ్చు, వేసవిలో అయితే మీ డేటాబేస్ పట్టికను అనుమానించండి. ఏదీ తేలని రికార్డును తేలనిదిగానే గుర్తుపెట్టి ఉంచండి.

ఆ కళాశాల పరిస్థితి అర్థం చేసుకుని అమ్మాయికి మరో తేదీ ఇచ్చింది. రెండో పిలుపు కూడా మీ సాఫ్ట్‌వేర్ నుంచే వచ్చింది. అందులోనూ సమయం పక్కన ఐఎస్‌టీ అనే ఉంది. ఈసారి కళాశాల ఉద్యోగి ఒకరు 'డబ్లిన్ సమయం' అని చేత్తో టైప్ చేసి విడిగా ఇంకో మెయిల్ పంపారు. మీ సాఫ్ట్‌వేర్ చేయాల్సిన పని అది. మూసేసిన ఆ ఫిర్యాదును తిరిగి తెరవండి. మీ తర్వాతి వెర్షన్‌లో ఆ ఉద్యోగి రాసిన మాట మీ మెయిలే రాసేలా చేయండి.

ఇట్లు,
ఒక డేటాబేస్ ఇంజనీరు,
హైదరాబాద్